సర్టిఫికెట్ ఫ్రేము కట్టించారు సరే, ఫీజు తీసుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌ని, ఎం.కాం. చదివాను. పోయిన ఏడాది 38 వేలు కట్టి నాలుగు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి ‘సర్టిఫైడ్ పర్సనల్ ఫైనాన్షియల్ ప్లానర్’ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. విజిటింగ్ కార్డులు కూడా కొట్టించాను. ఇద్దరు తోటి లెక్చరర్లకు ప్లాన్ రాసిచ్చి చెరో రెండు వేలు తీసుకున్నాను. ఇప్పుడు దేవరకొండలో రిటైరైన మా పాత టీచర్ తన 34 లక్షలు ఎక్కడెక్కడ పెట్టాలో రాసివ్వమంటున్నారు, ఐదు వేలు ఇస్తానంటున్నారు. సెబీ లైసెన్స్ లేకుండా ఫీజు తీసుకుంటే కేసవుతుందని మా బావ టెన్షన్ పెడుతున్నాడు. కోర్సు వాళ్లేమో సర్టిఫికెట్ ఉంటే చాలంటున్నారు. నా భార్యకు మ్యూచువల్ ఫండ్ ఏఆర్‌ఎన్ ఉంది. ఫీజు మానేసి ఆమె ద్వారా చేయించొచ్చా? పోనీ సీఎఫ్‌పీ చేస్తే ఈ గొడవ తీరుతుందా?
– ఒక లెక్చరర్, నల్లగొండ

సమాధానం: మీ బావ చెప్పిందే కరెక్టు. కేసు అనే మాట కాస్త పెద్దది చేసి చెప్పి ఉంటాడు గానీ, ఆ ఐదు వేలు మాత్రం తీసుకోకండి, ఆ ఇద్దరు లెక్చరర్ల దగ్గర తీసుకున్న నాలుగు వేలు కూడా తిరిగిచ్చేయండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీరు ఇందులోంచి బయటపడే దారి మీరనుకున్నంత కష్టమైనదేం కాదు, పైగా ఈ మధ్య రూల్స్ మీలాంటి వాళ్లకు బాగా అనుకూలంగా మారాయి, ఆ సంగతి మీ కోర్సు వాళ్లు చెప్పినట్టు లేదు.

మన దగ్గర విత్తనాల దుకాణం పెట్టాలంటే ఏం చేస్తారో చూసే ఉంటారు. అగ్రికల్చర్ బీఎస్సీ గోల్డ్ మెడల్ వచ్చినవాడైనా సరే, లైసెన్స్ తీసుకోకుండా హాలియాలో షట్టర్ తెరిచి పత్తి విత్తనాలు అమ్మితే అధికారులు వచ్చి సీలు వేసి పోతారు. వాడికి వ్యవసాయం తెలియదని కాదు. విత్తనం మొలకెత్తకపోతే రైతు ఎవరిని పట్టుకోవాలి, బిల్లు ఎవరు చూపించాలి, స్టాకు రిజిస్టరు ఎవరు తనిఖీ చేయాలి అన్నదానికి జవాబు డిగ్రీలో ఉండదు, లైసెన్స్‌లో ఉంటుంది. మీ సర్టిఫికెట్ కూడా ఆ డిగ్రీ లాంటిదే. మీరు ఫలానా పాఠాలు చదివి పరీక్ష పాసయ్యారని అది చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది. రేపు మీ సలహా వల్ల ఆ మాస్టారు నష్టపోయి ఫిర్యాదు చేయాలనుకుంటే కోర్సు కంపెనీ ఏమీ చేయదు, చేయాలన్నా దానికి అధికారం లేదు.

ఇప్పుడు చట్టం మాటకొద్దాం. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల రెగ్యులేషన్స్ తెచ్చింది. వాటిలో మీ ప్రశ్నకు జవాబిచ్చేవి మూడే మూడు నిర్వచనాలు, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు.

మొదటిది ‘పెట్టుబడి సలహా’. షేర్లు, ఫండ్ల లాంటివి కొనడం, అమ్మడం, ఉంచుకోవడం గురించి క్లయింటు కోసం చెప్పే మాట, అది కాగితం మీద రాసినా, నోటితో చెప్పినా, ఇంకో రకంగా పంపినా సలహాయే. ఆ నిర్వచనం చివర ఒక ముక్క ఉంది, ఫైనాన్షియల్ ప్లానింగ్ కూడా ఇందులోకే వస్తుందని. అంటే ‘నేను షేర్ల టిప్స్ ఇవ్వను సార్, ప్లానింగ్ మాత్రమే చేస్తాను’ అని తప్పించుకునే సందు అసలు లేదు. ఒకాయన ఆర్థిక పరిస్థితి చూసి, ఆయన లక్ష్యాలు రాసుకుని, వాటికి దారి చెప్పడమే ప్లానింగ్ అని అదే రెగ్యులేషన్ రాసి పెట్టింది. మీరు ఆ ఇద్దరు లెక్చరర్లకు చేసింది అక్షరాలా ఇదే.

రెండోది ప్రతిఫలం. డబ్బు రూపంలోనే ఉండక్కర్లేదు, ఏ రకమైన ఆర్థిక లాభమైనా, ఇప్పుడు వచ్చినా రేపు వచ్చేదైనా, ప్రతిఫలమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ ఇంటావిడ ఏఆర్‌ఎన్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మూడోది అడ్వైజర్ అంటే ఎవరు అన్నది. ప్రతిఫలం తీసుకుని సలహా వ్యాపారం చేసేవాడు ఎలాగూ అడ్వైజరే, దాంతోపాటు తాను అడ్వైజర్‌నని నలుగురిలో చెప్పుకునేవాడు కూడా అందులోకి వస్తాడు. అందుకే నాకు మీ ఉత్తరంలో ఫీజు కన్నా విజిటింగ్ కార్డు మాటే ముందు కళ్లకు గుచ్చుకుంది. ఫీజు ఎంత, ఎవరు ఇచ్చారు అని వాదించుకోవచ్చేమో గానీ, గడియారం సెంటర్‌లో ప్రింటు చేయించి పంచిన కార్డు మీరు మీ అంతట మీరే రాసిచ్చిన సాక్ష్యం.

మాస్టారి విషయం తీసుకుని ఒక్కో వరుసా చూద్దాం, అప్పుడు గీత ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. ఆయన 34 లక్షలకు మీరు ఇలా రాసిస్తారనుకుందాం: మూడు లక్షలు సేవింగ్స్ ఖాతాలో చేతికందేలా ఉంచండి, 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టండి, మనవరాలి చదువుకని ఆరు లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ చేయండి, మిగిలిన పది లక్షలు ఫలానా హైబ్రిడ్ ఫండ్‌లో పెట్టి ఏడాది తర్వాత నెలనెలా కొంత తీసుకోండి.

సేవింగ్స్ ఖాతా, ఎఫ్‌డీ, పోస్టాఫీసు స్కీము, ఇవి సెబీ పరిధిలోని సరుకులు కావు. వాటి గురించి ఊళ్లో ప్రతి రిటైర్డ్ ఉద్యోగీ ఇంకో రిటైర్డ్ ఉద్యోగికి చెప్తూనే ఉంటాడు, ఎవరూ అడ్డుకోరు. నాలుగో వరుస మాత్రం వేరు. అక్కడ మీరు ఒక ఫండ్ పేరు చెప్పారు, ఎంత పెట్టాలో చెప్పారు, ఎప్పుడు తీయాలో చెప్పారు, అదీ ఈయన ఒక్కడి వయసు, అవసరం చూసి చెప్పారు. దానికి ఐదు వేలు తీసుకుంటే నూటికి నూరుపాళ్లు రిజిస్ట్రేషన్ కావాల్సిన పని. ‘అయితే ఆ నాలుగో వరుస తీసేసి మిగతా మూడింటికే ఫీజు తీసుకుంటా’ అని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది, నాకూ ఒకప్పుడు అనిపించింది. కాగితం మీద బాగానే ఉంటుంది ఈ తెలివి. కానీ మాస్టారు టీ తాగుతూ ‘మరి మ్యూచువల్ ఫండ్ల సంగతేంటయ్యా’ అని అడగకుండా ఉండరు, మీరు చెప్పకుండా ఉండరు, నోటిమాట కూడా సలహాయే అని పైన చెప్పాను కదా. పైగా మొత్తం 34 లక్షలు ముందేసుకుని ఇంత ఇక్కడ, ఇంత అక్కడ అని పంచడమే ప్లానింగ్.

మరి సలహా చెప్పడమే తప్పా? కాదు. మీ అన్నయ్యకో, మీ కొలీగ్‌కో పైసా లాభం లేకుండా, అడ్వైజర్‌నని బోర్డు పెట్టుకోకుండా తెలిసింది చెబితే అది వ్యాపారం కాదు. క్లాసులో మ్యూచువల్ ఫండ్ అంటే ఏంటి, ఖర్చుల నిష్పత్తి అంటే ఏంటి అని పాఠం చెప్పడం కూడా వేరే సంగతి, అది మీ ఉద్యోగమే. పేపర్లోనో టీవీలోనో అందరికీ అందుబాటులో ఉండేలా చెప్పే మాటను కూడా రెగ్యులేషన్స్ సలహా లెక్కలోకి తీసుకోవు. అయితే డబ్బు కట్టినవాళ్లతోనే నడిపే వాట్సాప్ గ్రూపుకి ఆ మినహాయింపు వర్తిస్తుందని మాత్రం భ్రమపడకండి. ఇంకో అలవాటు చూస్తున్నాను, కింద ‘నేను సెబీ రిజిస్టర్డ్ కాదు, ఇది విద్యా ప్రయోజనం కోసమే’ అని ఒక వాక్యం రాసి పైన ఫీజు వసూలు చేయడం. ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు సరికదా, రిజిస్ట్రేషన్ కావాలని మీకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది.

రిజిస్ట్రేషన్ లేకుండా సలహా వ్యాపారం చేసినవాళ్ల మీద సెబీ ఇచ్చిన ఆర్డర్లు దాని వెబ్‌సైట్‌లో బోలెడున్నాయి, నాలుగైదు చదవండి, మీ కోర్సు మెటీరియల్ కన్నా బాగా అర్థమవుతుంది. ఎక్కువగా కనిపించేది ఒకటే వరస: తీసుకున్న ఫీజు మొత్తం క్లయింట్లకు తిరిగిచ్చేయి, కొంతకాలం మార్కెట్‌లోకి రాకు, పైన జరిమానా కట్టు. సలహా మంచిదా చెడ్డదా, క్లయింటుకు లాభం వచ్చిందా అన్నది అక్కడ మిమ్మల్ని బయటపడేయదు. లాభం వచ్చినవాడికైనా ఫీజు వాపసు ఇవ్వాల్సిందే.

ఇప్పుడు మీ ఇంటావిడ ఏఆర్‌ఎన్ సంగతి, ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. ఏఆర్‌ఎన్ అంటే మ్యూచువల్ ఫండ్లు పంపిణీ చేయడానికి ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ ఇచ్చే నంబరు. ఎన్‌ఐఎస్‌ఎం అనే శిక్షణ సంస్థ పెట్టే ఐదో సిరీస్ ఎ పరీక్ష పాసై తీసుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ తన పంపిణీలో భాగంగా, తన క్లయింటుకు, ఏ ఫండ్ సరిపోతుందో చెప్పొచ్చు, దానికి ప్రత్యేకంగా అడ్వైజర్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎందుకంటే అక్కడ ప్రధాన పని అమ్మకం, సలహా దాని వెంట వచ్చేది. ఆదాయం ఫండ్ కంపెనీ ఇచ్చే కమీషన్, క్లయింటు నుంచి ఫీజు కాదు. సలహా చెప్పాల్సింది కూడా ఏఆర్‌ఎన్ ఉన్న మనిషే.

మీరనుకుంటున్నది అది కాదు కదా. ప్లాన్ మీరు రాస్తారు, మాస్టారి దగ్గర ఫీజు తీసుకోరు, పది లక్షల ఫండ్ మాత్రం ఆమె ఏఆర్‌ఎన్ కింద పడుతుంది. లెక్క చూద్దాం. కమీషన్ ఫండ్‌ను బట్టి మారుతుంది, ఇక్కడ ఊహకు ఏడాదికి 0.7 శాతం అనుకుందాం. పది లక్షల మీద ఏడు వేలు. అది ఒక్కసారి వచ్చేది కాదు, ఆ డబ్బు ఫండ్‌లో ఉన్నన్నాళ్లూ, విలువ పెరిగితే అదీ పెరుగుతూ ఏటేటా వస్తుంది. మాస్టారు ఇస్తానన్నది ఒక్కసారి ఐదు వేలు, మీ ‘ఉచిత’ సలహాకు ఆయన పెట్టుబడిలోంచి పోయేది ఏడాదికి ఏడు వేలు, ఐదేళ్లలో 35 వేలు, అదీ ఆయనకు కనపడకుండా. ప్రతిఫలం డబ్బు చేతికివ్వడమే కాదన్న రెండో నిర్వచనం ఇలాంటి చోట్లకే. కమీషన్ తప్పని నేననను, చాలామంది డిస్ట్రిబ్యూటర్లు నిజాయితీగా చేస్తున్నారు, చిన్న మొత్తాలున్న వాళ్లను పట్టించుకునేది కూడా వాళ్లే. కానీ అప్పుడు ఆ పని ఆమె చేయాలి, ఆమె మాట్లాడాలి, ఇది రెగ్యులర్ ప్లాన్, నాకు ఇంత కమీషన్ వస్తుంది అని మాస్టారికి చెప్పాలి. కార్డు మీద మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ అని ఉండాలి. పంపిణీ చేసేవాళ్లు సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా ‘ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్’, ‘వెల్త్ అడ్వైజర్’ లాంటి పేర్లు పెట్టుకోకూడదని 2020 నుంచి రూలుంది.

రేపు మీరు రిజిస్టర్ అయినా ఈ ముడి అలాగే ఉంటుంది, ఇది చాలామందికి తెలియక దెబ్బతింటారు. వ్యక్తిగా రిజిస్టరైన అడ్వైజర్ పంపిణీ చేయకూడదు. అంతేకాదు, మీరు సలహా ఇచ్చిన క్లయింటుకు మీ కుటుంబంలో వాళ్లు పంపిణీ చేయకూడదు, మీ ఇంట్లో వాళ్ల దగ్గర ఫండ్లు కొంటున్న క్లయింటుకు మీరు సలహా ఇవ్వకూడదు. ఆమె ఏఆర్‌ఎన్ వదులుకోవాలని లేదు, కానీ మాస్టారు మీ ఇద్దరిలో ఒకరికే క్లయింటు కావాలి. ఇంట్లో ఈ మాట ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే ఆమె ఇప్పటిదాకా ఫండ్లు చేయించింది మీ కాలేజీ స్టాఫ్‌కే అయితే, మీరు ఎవరిని క్లయింట్లు అనుకుంటున్నారో వాళ్లంతా ఆ లిస్టులోనే ఉంటారు.

సీఎఫ్‌పీ గురించి అడిగారు. అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్, అది మంచి చదువు, మీరు చేసిన నాలుగు నెలల కోర్సుతో పోల్చకండి. పెట్టుబడులు, రిటైర్మెంట్, పన్నులు, బీమా, వారసత్వం అన్నీ విడివిడిగా చదివించి, చివర్లో మొత్తం ఒక కుటుంబానికి ప్లాన్ రాయిస్తారు, పరీక్షతో పాటు పని అనుభవం చూపించాలి, ప్రవర్తనా నియమాలకు ఒప్పుకోవాలి, ఏటా రెన్యువల్ ఉంటుంది. చదవగలిగితే చదవండి, మాస్టారి ప్లానులో మీరు పట్టించుకోని సంగతులు (ఆయన పోతే పెన్షన్ ఆయన భార్యకు ఎంత వస్తుంది, నామినీ పేర్లు సరిగ్గా ఉన్నాయా) అందులో నేర్పిస్తారు. కానీ దాన్ని ఇచ్చేది ఫైనాన్షియల్ ప్లానింగ్ స్టాండర్డ్స్ బోర్డు అనే సంస్థ, ప్రభుత్వ నియంత్రణ సంస్థ కాదు. మీరు తప్పు చేస్తే వాళ్లు ఆ గుర్తు వాడుకునే హక్కు తీసేయగలరు, అంతవరకే. సీఎఫ్‌పీ పేరు పక్కన పెట్టుకున్నా సెబీ నంబరు లేకుండా ఫీజు తీసుకోవడం ఇప్పుడెంత తప్పో అప్పుడూ అంతే తప్పు.

ఇదే గందరగోళం ఎన్‌ఐఎస్‌ఎం విషయంలో ఇంకా ఎక్కువ. ఆ సంస్థను సెబీయే పెట్టింది కాబట్టి దాని పరీక్ష పాసైతే సెబీ అనుమతి వచ్చినట్టేనని కోచింగ్ సెంటర్లు తియ్యగా చెప్తాయి. నేనే మోసపోయాను ఈ మాటకు. చాలా ఏళ్ల కింద ఒక కోచింగ్ వాళ్లు సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర వేసి ‘గవర్నమెంట్ రికగ్నైజ్డ్’ అని రాసిచ్చారు, నేను దాన్ని మహబూబ్‌నగర్‌లో మా రూములో గోడకు తగిలించి ఏడాది పాటు చూసినోళ్లందరికీ చూపించాను. ఒకరోజు ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని దాని ముందు నిలబడి, ‘ఇందులో రిజిస్ట్రేషన్ నంబరు ఏది నాయనా’ అని అడిగారు. సర్టిఫికెట్ నంబరు చూపించాను. ‘ఇది నీ హాల్ టికెట్ లాంటిది, నేనడిగేది నీ నంబరు’ అన్నారు. ఆయన దగ్గర ఆ రోజు పోయిన పరువు ఇంకా గుర్తుంది.

ఆయన అడిగిన నంబరు ఎలా ఉంటుందంటే, అడ్వైజర్లకు INA అనే అక్షరాలతో మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు ARN, రీసెర్చ్ అనలిస్టుకు INH. అనలిస్టు రిపోర్టులు రాయొచ్చు గానీ ఆ నంబరుతో ఒక కుటుంబానికి ఆర్థిక ప్లాన్ రాయడానికి లేదు. sebi.gov.in లో గుర్తింపు పొందిన ఇంటర్మీడియరీల జాబితా ఉంటుంది, అందులో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అన్న చోట పేరో నంబరో కొట్టి చూడాలి. మీ కోర్సు కంపెనీ తమ వాళ్లు వేలమంది ప్రాక్టీసు చేస్తున్నారని చెప్పే ఉంటుంది. వాళ్ల ప్రకటనలో ఫొటోలున్న నలుగురి పేర్లు అక్కడ వెతకండి.

ఇక మీరు రిజిస్టర్ అవ్వడం గురించి. మీ కోర్సు పుస్తకంలో ఐదేళ్ల అనుభవం కావాలి, ఐదు లక్షల నెట్‌వర్త్ చూపించాలి అని ఉంటే అది పాత లెక్క, దాన్ని చూసే చాలామంది మనవల్ల కాదని వదిలేశారు. 2024 డిసెంబరులో సెబీ ఆ రెండూ తీసేసింది. నెట్‌వర్త్ బదులు బ్యాంకులో డిపాజిట్ పెట్టి, పర్యవేక్షణ సంస్థ పేరు మీద లీన్ మార్కు చేయించాలి, 150 మంది క్లయింట్ల వరకు అయితే లక్ష రూపాయలు. ఆ డబ్బు పోదు, మీ పేరు మీదే ఉంటుంది, మీరు వాడుకోలేరు అంతే.

చదువు విషయంలో మీకు ఇబ్బంది లేదు, కామర్స్ డిగ్రీ సరిపోతుంది. మీరు రాయాల్సింది ఎన్‌ఐఎస్‌ఎం పదో సిరీస్‌లో ఎ, బి అనే రెండు పరీక్షలు, 60 శాతం రావాలి, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఎం.కాం. చదివి పాఠాలు చెప్పేవారికి మొదటిది పెద్ద కష్టం కాదు. రెండోదాంట్లో కుటుంబాల లెక్కలిచ్చి అడుగుతారు, రిటైర్మెంట్ నిధి, ఈఎంఐ, పన్ను లెక్కలు క్యాలిక్యులేటర్ మీద వేళ్లు ఆడేదాకా చేయండి. ఈ పరీక్షల చెల్లుబాటుకు గడువుంటుంది, అది అయిపోకముందే రెన్యువల్ పరీక్ష రాయాలి. తర్వాత బీఎస్‌ఈ దగ్గర పేరు నమోదు, సెబీకి దరఖాస్తు. అడ్వైజర్ల పర్యవేక్షణ పని 2024 జూలై నుంచి బీఎస్‌ఈ చూస్తోంది, ఆ డిపాజిట్ లీన్ కూడా వాళ్ల పేరు మీదే.

ఉద్యోగం మానేయాలా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. అక్కర్లేదు. అదే మార్పుల్లో పార్ట్ టైం అడ్వైజర్ అనే దారి తెరిచారు. మీ ఉద్యోగం ఇతరుల డబ్బు నిర్వహించేదో, పెట్టుబడి సలహాలిచ్చేదో కాకూడదు, పాఠాలు చెప్పడం అలాంటిది కాదు కాబట్టి సరే. కాలేజీ నుంచి అభ్యంతరం లేదని లెటరు తేవాలి, ఏ సమయంలోనూ 75 మందికి మించి క్లయింట్లు ఉండకూడదు. నా అంచనా ప్రకారం మీ కష్టమంతా ఆ లెటరు దగ్గరే ఉంది, పరీక్షల దగ్గర కాదు. ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్లు ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఎంత సతాయిస్తాయో మీకు నేను చెప్పాలా. అందుకని పరీక్ష ఫీజులు కట్టకముందే ప్రిన్సిపాల్ గారితో ఒకసారి మాట్లాడండి.

రిజిస్టరయ్యాక అదే మాస్టారు వస్తే పని ఎలా మారుతుందో చూడండి. ముందు ఆయన కేవైసీ, తర్వాత నష్టం ఎంతవరకు తట్టుకోగలరో ప్రశ్నలడిగి రాసుకోవడం, ఆయన పెన్షన్, ఆయన భార్య మందుల ఖర్చు, అప్పులు అన్నీ కాగితం మీదికి తేవడం. ఫీజు ఎంత, ఏమేం చేస్తాం, ఏవి చేయం అని రాసిన ఒప్పందం మీద ఇద్దరూ సంతకం పెట్టాకే సలహా. పోస్టాఫీసు స్కీము, ఎఫ్‌డీ లాంటివి సెబీ పరిధిలో లేవని ఆయనకు చెప్పి, ఒప్పుకున్నట్టు తీసుకోవాలి. ఆ హైబ్రిడ్ ఫండ్ ఈయనకు ఎందుకు సరిపోతుందో కారణం రాసి ఫైల్లో పెట్టాలి. ఇంత వస్తుందని గ్యారంటీ మాట నోట్లోంచి రాకూడదు. ఫీజు బ్యాంకు ద్వారానే, నోట్లు తీసుకోకూడదు. ఫిక్స్‌డ్ ఫీజు అయితే కుటుంబానికి ఏడాదికి లక్షా యాభై ఒక్క వేలు దాటకూడదని పరిమితి ఉంది, నల్లగొండలో మనకు ఆ పరిమితి తగిలే రోజు ఇప్పట్లో రాదు లెండి. రికార్డులు ఐదేళ్లు దాచాలి, ఏటా ఆడిట్ చేయించాలి. మాస్టారికి కోపమొస్తే మీ మీద సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి మీరు జవాబు చెప్పి తీరాలి. చూశారా, ఇందులో మీకు తెలివి ఎక్కువ చేసేది ఏదీ లేదు. ఆయనకు మిమ్మల్ని పట్టుకునే పిలక ఇచ్చేదే అంతా. ఆయన ఐదు వేలు కడుతున్నది సగం మీ చదువుకైతే సగం ఆ పిలకకు.

ఈ వారం చేయాల్సినవి చెప్తాను. ఆ ఇద్దరు లెక్చరర్ల డబ్బు యూపీఐలో పంపి, ‘ప్లాను కోసం తీసుకున్న ఫీజు వాపసు’ అని అందులోనే రాయండి, మీరు నగదు తీసుకున్నా వాపసు మాత్రం బ్యాంకు ద్వారానే, దానికో ఆధారం ఉండాలి. రేపు సెబీ దరఖాస్తులో మీ గురించి డిక్లరేషన్లు ఇవ్వాలి, అప్పుడు ఏదీ దాచే పరిస్థితి రాకుండా చూసుకోండి. కార్డులు చించేయండి, వాట్సాప్ ప్రొఫైల్లో, ఫేస్‌బుక్‌లో కూడా ఆ పేరు తీసేయండి, అక్కడ పెట్టి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. కోర్సు చేశానని బయోడేటాలో రాసుకోండి, అందులో తప్పు లేదు.

మాస్టారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, ‘సార్, నాకు ఇంకా అనుమతి లేదు, వచ్చేదాకా మీ దగ్గర పైసా తీసుకోను’ అని. ఆయన డబ్బు ఇప్పటికి బ్యాంకులోనే ఉంది కాబట్టి కొంపలు మునిగేదేమీ లేదు. రిటైరైన మనిషి ఖాతాలో డబ్బు పడిందని తెలిస్తే యాదగిరిగుట్ట దగ్గర ప్లాటు అంటూ ఒకరు, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇప్పిస్తానంటూ ఇంకొకరు గుమ్మంలోకి వస్తారు. వాళ్లకు ఏ సంతకమూ పెట్టొద్దని మాత్రం మీరు శిష్యుడిగా ఉచితంగానే చెప్పొచ్చు.